బిషప్ గారికి బహువచనం

లాటిన్ ఎందుకు నేర్చుకున్నావని ఇప్పటికీ అడుగుతుంటారు. నా దగ్గర గట్టి జవాబేమీ లేదు. వన్ టౌన్‌లో ప్లాస్టిక్ సామాన్ల హోల్‌సేల్ దుకాణంలో పనిచేసే మనిషికి ఆ భాషతో పనేమిటి? మధ్యాహ్నం భోజనాల వేళ దుకాణం కాస్త సద్దుమణిగితే నేను గ్రంథాలయానికి వెళ్లేవాణ్ణి. అక్కడ ఎవరూ తీయని బీరువాలో, అట్ట ఊడిపోయిన లాటిన్ వ్యాకరణం ఒకటి దొరికింది. ఇంగ్లీషులో రాసినది. తెరిస్తే నిండా పట్టికలు. ఒక్కో నామవాచకానికి ఒక్కో తోకల వరస, ఒక్కో క్రియకు ఒక్కో తోకల వరస. నాకు పట్టికలంటే మొదటినుంచీ ఇష్టం. కళాశాల ముఖం పెద్దగా చూడని నాకు, చదువు అంటే ఎవరో పెట్టేది కాదు, బీరువాలోంచి మనం తీసుకునేది. ఆ మాట గర్వంగానే చెబుతున్నాను.

పట్టికలు కంఠతా వచ్చాయి గాని పలకడం రాలేదు. పుస్తకం మాట్లాడదు కదా. చివరికి ఏలూరు కాలువ దాటాక ఉన్న ఒక పాత చర్చికి వెళ్లి, లాటిన్ తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని వాచ్‌మన్‌ని అడిగాను. అతను నన్ను పైనుంచి కిందికి చూసి, వెనక వైపు గది చూపించాడు. అక్కడ ఒక రిటైరైన ఫాదర్ గారు ఉండేవారు. ఒకప్పుడు గురువిద్య చదివే కుర్రాళ్లకు ఏళ్ల తరబడి లాటిన్ చెప్పారట. తెల్లటి అంగీ, మోకాళ్ల నొప్పులు, కిటికీ పక్కన నల్లబల్ల.

“దేనికి నీకు లాటిన్?” అన్నారు.

“ఊరికేనండీ.”

“ఉద్యోగానికి నేర్చుకున్నవాళ్లని చూశా, దెబ్బలకి భయపడి నేర్చుకున్నవాళ్లని చూశా. ఊరికే నేర్చుకునేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. శనివారం మధ్యాహ్నం రా. ఇంకో స్టూడెంట్ కూడా ఉంది.”

ఆ ఇంకో స్టూడెంట్ ఒక సిస్టర్ గారు. ముప్ఫయి దాటిన మనిషి. గన్నవరం వైపు ఉన్న కాన్వెంట్ నుంచి సిటీ బస్సులో వచ్చేవారు. పుట్టింది కొల్లేరు ఒడ్డున చేపలు పట్టే ఇంట్లో. పెళ్లి గొడవల్లో చిక్కుకున్న ఆడవాళ్లు చర్చి న్యాయస్థానానికి వచ్చినప్పుడు వాళ్లకు తోడుగా వెళ్లి, పక్కన కూర్చోవడం ఆమె పని. అక్కడ తీర్పు చెప్పేవాళ్లూ వాదించేవాళ్లూ అందరూ ఫాదర్లే. “ఆళ్లు పుస్తకంలో ఏం చూసి చెప్తన్నారో నాకు తెలీట్లేదు అన్నయ్య గారూ. ఏడిసే మనిషికి మంచినీళ్లివ్వడం తప్ప నేనేం చెయ్యలేకపోతన్నా,” అని ఒకసారి నాతో అన్నారు. అందుకే చర్చి చట్టం చదవాలనుకున్నారు. ఆ చదువుకు లాటిన్ వచ్చినట్టు ఒకరు సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టాల్సింది మా ఫాదర్ గారు. ఈ ఏడాది సంతకం రాకపోతే ఆమె బదులు వేరే సిస్టర్‌ని వేరే చదువుకి పంపుతామని కాన్వెంటు మదర్ గారు ముందే చెప్పేశారు.

నాకు పోయేదేమీ లేదు. ఆమెకు మాత్రం అంతా ఆ సంతకం మీదే ఉంది.

లాటిన్‌లో నాకు మొదట నచ్చింది దాని క్రియ. వచ్చాను అంటే చాలు, నేను అని వేరే చెప్పనక్కర్లేదు. మన తెలుగులాగే ఎవరు చేశారో క్రియ తోకే చెప్పేస్తుంది. చివర ‘త్’ ఉంటే ఒకరు, ‘ంత్’ ఉంటే పలువురు. దోచెత్ అంటే పాఠం చెబుతాడు, దోచెంత్ అంటే చెబుతారు. మొదటిసారి ఫాదర్ గారు బల్లమీద ఆ మాట రాసి పలికినప్పుడు సిస్టర్ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“ఎందుకమ్మా నవ్వు?”

“ఏం లేదు ఫాదర్. ట్యూషన్ మాస్టార్లకి సరిగ్గా సరిపోయింది, దోచెత్ అని.”

“అరవై ఏళ్ల నుంచీ ప్రతి క్లాసులో ఎవరో ఒకరు అంటానే ఉన్నారు. నేనూ అన్నా. దెబ్బలు కూడా తిన్నా. తర్వాత రాయి.”

నామవాచకం దగ్గరే తంటా. పని చేసేవాడికి ఒక తోక, ఆ పని ఎవరి మీద జరిగిందో వాళ్లకు ఇంకో తోక. మాటలు ఏ వరసలో ఉన్నా ఆ తోకలే అర్థం చెబుతాయి. ఫాదర్ గారు దీనికి ఎప్పుడూ ఒకే ఉదాహరణ చెప్పేవారు. పరోకుస్ అంటే విచారణ గురువు, అంటే ఒక ఊరి చర్చిని చూసుకునే ఫాదర్; ఎపిస్కోపుస్ అంటే ఆయన పైనుండే బిషప్. “పరోకుస్ ఎపిస్కోపుమ్ మోనెత్ అన్నావనుకో, విచారణ గురువు బిషప్‌ని హెచ్చరించినట్టు. పరోకుమ్ ఎపిస్కోపుస్ మోనెత్ అన్నావా, బిషప్పే విచారణ గురువుని హెచ్చరించినట్టు. ఆ ‘మ్’ ఎటు పోతే అటు చివాట్లు. చట్టంలో తోక తప్పితే మనిషి తప్పిపోతాడు.”

సంతకం గడువు దగ్గరపడుతుండగా ఒక శనివారం ఆయన మా ఇద్దరికీ అనువాదం పెట్టారు. తెలుగులో వాక్యాలు చెబుతూ పోయారు, మేము లాటిన్‌లో రాసుకుంటూ పోయాం. పిల్లాడు తలుపు మూస్తాడు. రైతు కొడుకుని పిలుస్తాడు. బిషప్ గారు ఉత్తరం పంపుతారు. దేవుడు అందర్నీ చూస్తాడు. అలాంటివి ఒక పేజీ నిండా. చివరికి కాగితాలు తీసుకుని ఎర్ర పెన్నుతో కూర్చున్నారు. నా కాగితం తొందరగానే వచ్చేసింది, దాదాపు శుభ్రంగా. సిస్టర్ గారి కాగితం మాత్రం పెన్ను కింద చాలాసేపు ఉంది.

“ఇట్టా అయితే నేను సంతకం పెట్టలేనమ్మా,” అన్నారు ఫాదర్ గారు, కాగితం ఆమె ముందు పెట్టి. గొంతులో కోపం లేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. “నీకు రాదంటే బాధపడేవాణ్ణి కాదు, ఇంకో ఆర్నెల్లు చెప్పేవాణ్ణి. నీకు వచ్చు. ఈ వాక్యంలో ‘మ్’ పెట్టావు, దాని కిందదాన్లో మర్చిపోయావు. ఇక్కడ ఏకవచనం సరిగ్గా రాశావు, అక్కడ బహువచనం తగిలించావు. ఇది రాకపోవడం కాదు, అజాగ్రత్త. అజాగ్రత్త మనిషి చేతికి చట్టం ఇవ్వకూడదు.”

సిస్టర్ గారు కాగితం మడిచి సంచిలో పెట్టుకోబోతుంటే, ఒకసారి చూస్తానండీ అని నేను అడిగి తీసుకున్నాను. సాయం చేద్దామన్న ఉద్దేశం కొంత. నా పట్టికల జ్ఞానం చూపిద్దామన్నది కొంత.

ఫాదర్ గారు టీ కోసం వంటింటి వైపు వెళ్లారు. మేము వరండా బెంచీ మీద కూర్చున్నాం. మొదట నేనూ ఆయనలాగే ఒక్కో తప్పూ విడివిడిగా చూశాను. పూఎర్ పోర్త క్లౌదిత్, పిల్లాడు తలుపు మూస్తాడు. తలుపుకి పోర్తమ్ అనాలి, ‘మ్’ లేదు. అగ్రికొల ఫీలియుమ్ వోకత్, రైతు కొడుకుని పిలుస్తాడు. సరిగ్గా ఉంది. గుర్రాన్ని అమ్మడం, సరిగ్గా ఉంది. బల్ల తుడవడం, తప్పు. దారి చూడడం, తప్పు. కూతుర్ని వెతకడం, ఒప్పు.

అప్పుడు నాకు ఆ కాగితంలోంచి తెలుగు వినపడింది.

“సిస్టర్ గారూ, తలుపు మూశాను అంటారా, తలుపుని మూశాను అంటారా?”

“తలుపు మూశాననే అంటాం. తలుపుని అంటే తప్పేం కాదనుకోండి, కానీ ఎవరంటారు?”

“కొడుకు పిలిచాను అంటారా?”

“కొడుకుని పిలిచాను.” ఆమె నా వైపు చూశారు. తర్వాత కాగితం వైపు చూశారు. వేలు పెట్టి పై నుంచి కిందికి వెళ్లారు. బల్ల, దారి, ఉత్తరం. కొడుకు, కూతురు, గుర్రం. మనం మాట్లాడేటప్పుడు ప్రాణం ఉన్నవాటికి ‘ని’ తగిలిస్తాం, ప్రాణం లేనివాటికి ఊరికే వదిలేస్తాం. తెలుగు ‘ని’ ఉన్నచోటల్లా ఆమె లాటిన్ ‘మ్’ పెట్టారు. లేనిచోటల్లా పెట్టలేదు. మేము చూసినంతలో ఒక్కటి కూడా తప్పిపోలేదు.

మరి క్రియల మాట? ఎపిస్కోపుస్ ఎపిస్తుల మిత్తుంత్. బిషప్ గారు ఉత్తరం పంపుతారు. ఒక్క బిషప్‌కి ‘ంత్’ పెట్టి పలువురిని చేసేశారు. కింద, గురువుగారు పిలుస్తారు అన్నచోటా అంతే. కానీ అమ్మ పిలుస్తుంది అన్నచోట ‘త్’ సరిగ్గా ఉంది. దేవుడు చూస్తాడు అన్నచోటా దేయుస్ విదెత్ అని సరిగ్గా ఉంది.

“దేవుడికి ఏకవచనం, బిషప్ గారికి బహువచనం,” అన్నాను.

సిస్టర్ గారికి నవ్వొచ్చింది, ఆ రోజు మొదటిసారి. “మరి దేవుణ్ణి మనం నువ్వు అనే అంటాం గదా. బిషప్ గారిని నువ్వని చూడండి.”

నాకెందుకు ఈ తప్పులు రాలేదో కూడా అప్పుడే అర్థమైంది. నేను నేర్చుకున్నది ఇంగ్లీషు పుస్తకంలోంచి. ఫాదర్ గారు తెలుగు వాక్యం చెప్పగానే నా బుర్ర దాన్ని ముందు ఇంగ్లీషు చేసేది, అక్కడే ‘గారు’, ‘రు’, ‘ని’ అన్నీ రాలిపోయేవి. తర్వాత పట్టికలో తోక వెతుక్కునేవాణ్ణి. ఆమె మాత్రం తెలుగులోంచి నేరుగా లాటిన్‌లోకి వెళ్లారు, మధ్యలో ఎక్కడా ఆగకుండా. శుభ్రంగా ఉన్న నా కాగితం గురించి నాకున్న గర్వం ఆ బెంచీ మీద కొంచెం తగ్గింది.

టీ గ్లాసులతో ఫాదర్ గారు వచ్చారు. ఈ సంగతి ఆమే చెప్పాలని నేను ఊరుకున్నాను. ఆమె లేచి నిలబడి చెప్పారు. ఆయన గ్లాసు కిటికీలో పెట్టి కళ్లజోడు తీశారు.

“తప్పు తప్పే గదమ్మా.”

“తప్పే ఫాదర్. కాదన్ను. కానీ అజాగ్రత్తగా రాయలేదండీ. మీరు బిషప్ గారు పంపుతారు అన్నారు, నేను పంపుతారు అనే రాశాను.”

ఆయన కాగితం తీసుకుని పెన్ను మూతతో ఒక్కో వాక్యం కొడుతూ చదివారు. సగం దాకా తల ఊపుతూ వచ్చి ఒకచోట ఆగిపోయారు.

“మరి ఇది? జాలరి చేపను పట్టాడు. పీషిస్ అని రాశావు, పీషెమ్ అనాలి. చేపకి ప్రాణం లేదా? నీ సూత్రం ప్రకారం ఇది ఒప్పు అవ్వాలే. అయ్యా, నువ్వు చెప్పు,” అన్నారు నా వైపు తిరిగి.

ఇంతసేపూ నేను ఆ వాక్యం చూడనే లేదు. కట్టిన గూడు ఒక్క చేప వల్ల కూలిపోతుందనిపించింది. సిస్టర్ గారు మాత్రం తడుముకోలేదు.

“మీరు చేపను అని చెప్పారా ఫాదర్? నాకు చేప పట్టాడు అనే వినపడింది. మా ఇంట్లో చేపని పట్టాడు అని ఎవరూ అనరండీ. మా నాన్న తెల్లారి పడవ దిగితే, ఏం పట్టావురా అంటారు, చేప పట్టా, రొయ్య పట్టా, అంటాడు. నీళ్లలో ఉన్నంతసేపే దానికి ప్రాణం. వల్లో పడ్డాక అది సరుకు.”

“నేను మెట్ట ప్రాంతం వాణ్ణి,” అన్నారు ఫాదర్ గారు. “మాకు చేప సంతలోనే తెలుసు.” కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. “మాకు ఇవన్నీ బెత్తంతో వచ్చినయ్. ఏ తప్పు ఎందుకు చేస్తన్నామో ఎవరూ అడగలా, మేమూ అడగలా. సగం ఒప్పు, సగం తప్పు ఉంటే అజాగ్రత్తే అనుకుంటూ వచ్చా ఇన్నేళ్లూ. ఎంతమంది పిల్లల్ని అన్నానో.” ఆ మాట మాతో అన్నట్టు లేదు.

“వచ్చే శనివారం మళ్లీ పెడతా. జాలి చూపించను.”

ఆ వారం సిస్టర్ గారు ఎలా చదివారో నాకు తెలియదు. తర్వాత చెప్పిన దాని ప్రకారం కాన్వెంటులో కనపడిన ప్రతి వస్తువుకూ ‘ని’ తగిలించి మాట్లాడారట. గిన్నెని తోమాను, చీపురుని తీశాను, గంటని కొట్టాను. వంటగదిలో ఉన్న పెద్ద సిస్టర్ ఒంట్లో బాగుందా అని నుదురు చూశారట.

తర్వాతి శనివారం ఫాదర్ గారు మరింత కష్టమైన వాక్యాలు చెప్పారు. బిషప్ గారు మళ్లీ ఉత్తరం పంపుతారు. గురువుగారు పాఠం చెబుతారు. ఆ వాక్యం దగ్గర సిస్టర్ గారి పెన్ను ఆగడం నేను పక్కనుంచి చూశాను. మజిస్తెర్ దోచె వరకు రాసి, ఎదురుగా కూర్చున్న మనిషి వైపు ఒకసారి చూసి, ‘త్’ పెట్టారు. ఎదుటి మనిషిని నువ్వు అన్నంత ఇబ్బంది ఆ ముఖంలో ఉంది.

నాకు మాత్రం ఆయన ఈసారి తలకిందుల పని ఇచ్చారు. లాటిన్ వాక్యాలు బల్లమీద రాసి, తెలుగు చేయమన్నారు. నాకు అది తేలికనిపించింది. తోకలన్నీ చూసుకుని చకచకా రాసేశాను.

ముందు నా కాగితమే చూశారు. ఎర్ర పెన్ను మొదటి వాక్యం మీదే దిగింది.

“మా మాస్టారు పాఠం చెబుతాడు. ఇదేం తెలుగయ్యా?”

“దోచెత్ అని ఉంది గదండీ. ఏకవచనం.”

“లాటిన్‌లో గారు లేదు, పాపం వాళ్లకి అక్కర్లేకపోయింది. తెలుగులో ఉంది. అటు వెళ్లేటప్పుడు గుమ్మంలో విప్పిన చెప్పులు తిరిగొచ్చేటప్పుడు తొడుక్కోవాలి. నువ్వు ఉత్తికాళ్లతో వచ్చేశావు.”

అంత చదివీ నా సొంత భాషలో తప్పు రాశాను. సిస్టర్ గారు తల వంచుకుని నవ్వు ఆపుకుంటున్నారు. నాకూ నవ్వొచ్చింది.

తర్వాత ఆమె కాగితం. తలుపు, బల్ల, దారి, ఉత్తరం, అన్నిటికీ ‘మ్’ ఉంది. బిషప్ గారు ఒక్కరే అయ్యారు. గురువుగారూ ఒక్కరే అయ్యారు. చేప కూడా పీషెమ్ అయింది. పెన్ను ఎక్కడా దిగకుండా చివరికొచ్చి, అమ్మాయి కానుకలు ఇస్తుంది అన్నచోట ఆగింది. ఆమె పుయెల్ల దోనాస్ దత్ అని రాశారు. దోన అనాలి.

పని జరిగినవి ఒకటికంటే ఎక్కువైతే ‘మ్’ బదులు ‘స్’ వస్తుంది, కానీ ఇక్కడ రాదు; ఆ సంగతి నాకు పట్టికలోంచి తెలుసు. దోనుమ్ అంటే కానుక, దోన అంటే కానుకలు, మన దానం లాంటి మాటే. అది నపుంసక లింగం. లాటిన్‌లో నపుంసక లింగానికి పని చేసేటప్పుడూ పని జరిగేటప్పుడూ ఒకే రూపం, తోక మారదు.

“ఈ ‘స్’ ఎందుకు పెట్టావమ్మా?”

“కానుకలకి ప్రాణం లేదు కదా ఫాదర్. నేను ప్రాణం లేనివాటి దగ్గరే తప్పుతున్నా కదా. అందుకని తోక మార్చాలి అని పట్టుబట్టి మార్చా. పోయినసారైతే ఉత్త దోన అనే రాసేదాన్ని.”

“పోయినసారైతే ఒప్పయ్యేది,” అన్నారు ఫాదర్ గారు. “ఇదొక్క చోటే నీ తెలుగు నిన్ను కాపాడేది. ప్రాణం లేనిదానికి తోక మార్చక్కర్లేదని ఈ ఒక్క లింగం దగ్గర లాటినూ ఒప్పుకుంది. సరిగ్గా అక్కడే నువ్వు నీ తెలుగుని నమ్మలేదు.”

బయట కాలువ గట్టు మీద ఆటోలు వెళుతున్నాయి. సిస్టర్ గారు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పడబోయే మాట కోసం కూర్చున్నారు.

“ఎందుకు తప్పావో చెప్పగలిగావు,” అన్నారాయన. “అజాగ్రత్త మనిషి అది చెప్పలేడు. చట్టం చదవడానికి నాకు అంతే కావాలి. మిగతాది వాళ్లు నేర్పుతారు, నపుంసక లింగంతో సహా.”

సొరుగులోంచి కాన్వెంటు పంపిన కాగితం తీసి సంతకం పెట్టారు. ఇచ్చేయబోయి, మళ్లీ వెనక్కి తీసుకుని, సంతకం కింద లాటిన్‌లో ఒక చిన్న వాక్యం రాశారు. చదవమని ఆమె చేతికిచ్చారు.

“సోరోర్ దీలిజెన్స్ ఎస్త్,” అని చదివారామె. కళ్లు తుడుచుకుని అనువాదం చెప్పారు. “సిస్టర్ జాగ్రత్త గల మనిషి. జాగ్రత్త గలది.”

“తప్పు,” అన్నారు ఫాదర్ గారు, ఎర్ర పెన్ను మూత పెడుతూ. “గలవారు.”